చీటీ తీయకముందు



పెళ్ళయిన కొత్తలో మేము నాలుగు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాలుగు వాటాలకీ కలిపి పెరట్లో ఒక్కటే కుళాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి నీళ్ళు వస్తే ఆరున్నరకి ఆగిపోయేవి. మొదట్లో ధారగా వచ్చేవి, చివరి అరగంటలో దారంలాగా సన్నబడేవి. ఇక గొడవలకేం తక్కువ! మావారు పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళాలి కాబట్టి మొదటి వంతు మాదేనని నేననేదాన్ని. చంటిపిల్ల ఉంది కాబట్టి తనదేనని పక్కవాటా ఆవిడ. ఇంట్లో ఎనిమిదిమంది ఉన్నారు కాబట్టి తమదేనని ఎదురువాటా ఆవిడ. ఎవరి న్యాయం వారిది. తమాషా ఏమిటంటే, ఎవరి న్యాయం చూసినా అది వాళ్ళ బిందెలోకే నీళ్ళు పోసేది.

నాలుగో వాటాలో ఒక మామ్మగారుండేవారు. ఒకరోజు ఆవిడ, "వంతులు చీటీలేసి తీద్దామర్రా. అయితే చీటీలు తీయకముందే ఏ వంతుకి ఎంతసేపో ఖాయం చేసుకుందాం" అన్నారు. అందరం కూర్చున్నాం. ఎవరికి ఏ వంతు వస్తుందో తెలియదు. నాకే ఆఖరివంతు రావచ్చు. అంతే, పావుగంటలో తేలిపోయింది. మొదటి వంతుకి ఇరవై నిమిషాలు, రెండోదానికి ఇరవై అయిదు, మూడోదానికి ముప్ఫై, నీళ్ళు సన్నబడే ఆఖరి వంతుకి నలభై అయిదు. మొత్తం రెండు గంటలూ సరిపోయాయి. తర్వాత చీటీలు తీస్తే మొదటి వంతు నాకే వచ్చింది. వెంటనే, "ఇరవై నిమిషాలేమిటండీ, అన్యాయం కాదూ?" అన్నాను! మామ్మగారు నవ్వి, "ఇందాక నీకు న్యాయంగానే ఉందిగా అమ్మాయ్" అన్నారు.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పిన జాన్ రాల్స్ అనే పండితుడు ఇటువంటి ఊహమీదే ఒక పెద్ద గ్రంథం రాశాడు. 1921లో పుట్టి 2002లో పోయాడాయన. ఆయన చిన్నతనంలో తనకొచ్చిన జబ్బులు అంటుకుని ఇద్దరు తమ్ముళ్ళు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు, తను మాత్రం బతికాడు. ఒకరికి దక్కినది ఇంకొకరికి ఎందుకు దక్కదన్న ప్రశ్నకి అర్థం తెలిసినవాడన్నమాట. 1971లో వెలువడిన ఆ గ్రంథం పేరు 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'.

ఒక నియమం ఎందుకు న్యాయమైనది? రాజుగారు చెప్పారు గనకనా? ఎక్కువమందికి లాభం గనకనా? కాదు, ఆ నియమం కింద బతకబోయే వాళ్ళందరూ ఒప్పుకోగలిగినదయితేనే అది న్యాయం అన్నది ఐరోపాలో హాబ్స్, లాక్, రూసోల నాటినుంచీ వస్తున్న ఒడంబడిక వాదం. అయితే ఇందులో ఒక చిక్కుంది. భూమి ఉన్నవాడూ లేనివాడూ ఎదురెదురుగా కూర్చుని ఒడంబడిక చేసుకుంటే ఎవరి మాట నెగ్గుతుందో మనకి తెలుసు. అందుకని రాల్స్, ఒడంబడికకి ముందు అందరి కళ్ళముందూ ఒక తెర వేయమన్నాడు. దాన్ని తెలియనితనపు తెర అందాం. ఆ తెర వెనుక కూర్చున్నవాళ్ళకి తాము ధనికులో పేదలో తెలియదు. తెలివి, ఒంట్లో బలం ఎంతో తెలియదు, ఏ తరంలో పుడతారో కూడా తెలియదు. కాని లోకం సంగతి మాత్రం తెలుసు. భూమి ఉంటే బతుకు ఎలా ఉంటుందో, లేకపోతే ఎలా ఉంటుందో బాగా తెలుసు. మనం ఆ రోజు పెరట్లో కూర్చున్నట్టే. నీళ్ళు చివర్లో సన్నబడతాయని తెలుసు, సన్నబడినప్పటి వంతు ఎవరిదో మాత్రం తెలియదు.

కుళాయి వంతులు మాత్రం నేను పోలికకి చెప్పినవి. రాల్స్ ఈ తెరని ఉద్దేశించింది సమాజానికి పునాదిలాంటి ఏర్పాట్ల కోసం. రాజ్యాంగం, ఆస్తిహక్కు, కుటుంబం వంటివన్నమాట. తెర ఒక్కసారిగా తొలగిపోదని కూడా అన్నాడు. మూల సూత్రాలు నిర్ణయించేటప్పుడు దళసరి తెర. రాజ్యాంగం రాసేటప్పుడు, చట్టాలు చేసేటప్పుడు తమ దేశపు స్థితిగతులు తెలియనిస్తారు, తాము అందులో ఎవరన్నది మాత్రం అప్పుడూ తెలియనివ్వరు. కాబట్టి ఒక చట్టం న్యాయమైనదా కాదా అని పరీక్షించడానికి ఈ పలుచని తెర చాలు.

పరీక్షకి మా ఇంటి సంగతే చెబుతాను. మా అన్నయ్య, అక్కయ్య, నేను, మా అమ్మ. అక్కయ్య పెళ్ళి 1983లో అయింది, నా పెళ్ళి 1988లో. మా నాన్నగారు 1997లో వీలునామా రాయకుండానే పోయారు. ఉన్నది తాతలనాటి పిత్రార్జితం. లెక్క తేలికగా ఉండడానికి 24 ఎకరాలనుకోండి. నిజానికి అంత లేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిత్రార్జితంలో మగపిల్లవాడికి పుట్టుకతోనే వాటా ఉండేది, ఆడపిల్లకి లేదు. తండ్రి పోతే, పోకముందే తండ్రీకొడుకులు పంచుకున్నట్టు మొదట లెక్క వేసేవారు. మన ప్రాంతపు ఆచారంలో ఆ పంపకంలో భార్యకి వాటా రాదు. అంటే నాన్నగారికి 12, అన్నయ్యకి 12. తర్వాత నాన్నగారి 12 మాత్రం భార్యకీ పిల్లలకీ సమానం, తలా మూడు. వెరసి అన్నయ్యకి 15 ఎకరాలు, అమ్మకి మూడు, అక్కకి మూడు, నాకు మూడు. సమానం అన్న మాట చట్టంలో ఉంది, కాని అది సగం పొలం వెళ్ళిపోయాక మొదలయ్యేది.

తర్వాత మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో సవరణ చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆడపిల్లకి కూడా పుట్టుకతోనే వాటా వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లకి మాత్రం లేదు. మా ఇంట్లో లెక్క ఇలా తేలింది. నాన్నగారికీ అన్నయ్యకీ నాకూ ఎనిమిదేసి. నాన్నగారి ఎనిమిది నలుగురికీ తలా రెండు. అన్నయ్యకి 10, నాకు 10, అక్కకి రెండు, అమ్మకి రెండు. ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళం, పెళ్ళిళ్ళకి మధ్య తేడా అయిదేళ్ళు, పొలంలో తేడా ఎనిమిది ఎకరాలు!

1998లో ఆ ప్రకారమే పంపకాలు జరిగి, దస్తావేజులు రిజిస్టరయ్యాయి. చట్టం చాలా మంచిదని నేను నలుగురిలోనూ మెచ్చుకున్నాను. ఎందుకు మెచ్చుకోను? చీటీ నా చేతిలో ఉంది.

ఇప్పుడు తెర వేసుకుందాం. ఈ ఇంట్లో నలుగురున్నారు. అందులో మీరెవరో మీకు తెలియదు. అన్నయ్య కావచ్చు, పెళ్ళయిన అక్క కావచ్చు, చెల్లెలు కావచ్చు, తెల్లచీర కట్టిన అమ్మ కావచ్చు. 1956 చట్టానికి సంతకం పెడతారా? మగపిల్లవాడై పుట్టడం తప్ప అన్నయ్య చేసిందేమీ లేదు. ఆ పుట్టుక మనకి దక్కుతుందో లేదో తెలియనప్పుడు 15కీ మూడుకీ ఒప్పుకోవడానికి కారణం కనబడదు.

"మరి ఆడపిల్లకి కట్నం ఇచ్చాం కదా, పసుపుకుంకుమలకింద పొలం రాశాం కదా" అంటారు. దాన్నీ తెర వెనుకకి తీసుకురండి. కట్నం ఎంతో నిర్ణయించేది పిల్ల కాదు. చేరేది చాలాసార్లు పిల్ల చేతికి కాదు. 1961 నుంచీ అది చట్టవిరుద్ధం కూడాను. రేపు నేనే ఆ పిల్లనైతే, హక్కుగా వచ్చే ఎకరం కావాలంటానా, ఎవరి దయవల్లో వచ్చి ఎవరి చేతికో పోయే డబ్బు కావాలంటానా? పసుపుకుంకుమల పొలం కొంత నయం, అది పిల్లపేరనే ఉంటుంది. కాని ఇచ్చే తండ్రి ఇస్తాడు, ఇవ్వని తండ్రి ఇవ్వడు.

మరి 1986 సవరణ? సగం నెగ్గుతుంది. పుట్టుకవాటా ఆడపిల్లకి ఇవ్వడం తెరముందు నిలుస్తుంది. పెళ్ళయినవారికి లేదనడం నిలవదు. నేను అక్కనో చెల్లెల్నో తెలియకుండా ఆ నిబంధన రాసి ఉండేదాన్నా? చట్టం చేసేవారు మనుషుల పేర్లు పెట్టి ఒకరికి ఇచ్చి ఒకరికి మానడం కుదరదు. కాని పేరు రాయకుండానే, ఒక తేదీతోనో ఒక విశేషణంతోనో కొందరిని వేరుచేయవచ్చు. ఎవరైనా తెర చాటునుంచి తొంగిచూస్తున్నారా అని కనిపెట్టడానికి అదే ఆనవాలు. ఆ తేదీ, ఆ విశేషణం ఎందుకు పెట్టారో బయట అందరికీ చెప్పగలిగిన కారణం ఉందా అని అడగాలి.

అలాగని తేదీలన్నీ అన్యాయం కావు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఆడపిల్లకి పుట్టుకవాటా వచ్చింది, పెళ్ళయినా కాకపోయినా. తండ్రి ఆ తేదీకి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలని తిరగదోడకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అందుకని మా అక్కయ్యకి మాత్రం అందులో ఏమీ దక్కలేదు. ఇది కూడా అన్యాయమేనా? తెర వెనుక ఇంకొక మనిషి కూడా ఉన్నాడు. ఆ పంపకాన్ని నమ్మి, డబ్బు పోసి ఆ పొలం కొనుక్కున్నవాడు. రేపు నేనే ఆ కొన్నవాడిని కావచ్చు. కాబట్టి ఈ తేదీకి చెప్పుకోగలిగిన కారణం ఉంది. పెళ్ళి నిబంధనకి అటువంటిది కనబడదు. బాధ రెండింటిలోనూ అక్కయ్యకే, కాని పరీక్షలో రెండూ ఒకటి కావు.

ఇప్పుడు 2005 చట్టాన్నే మా ఇంటికి వర్తింపజేస్తే ఏమయ్యేది? నాన్నగారికీ ముగ్గురు పిల్లలకీ ఆరేసి. నాన్నగారి ఆరు నలుగురికీ తలా ఒకటిన్నర. పిల్లలకి ఏడున్నరేసి. అమ్మకి ఒకటిన్నర! గమనించారా? పాత చట్టంలో అమ్మకి మూడు, తర్వాత రెండు, ఇప్పుడు ఒకటిన్నర. కూతురికి పెంచినప్పుడల్లా అమ్మది తగ్గింది. కోడలై వచ్చిన మనిషికి ఆ ఇంట పుట్టుకవాటా ఉండదు కనక, పుట్టుకవాటాలు పెరిగినకొద్దీ ఆవిడకి మిగిలేది తగ్గుతుంది. చట్టాన్ని మెచ్చుకునే రోజుల్లో ఈ సంగతి నాకు తట్టనే లేదు. తెర చేసే మేలు ఇదే. మనం మరిచిపోయిన మనిషి కుర్చీలో కూడా ఒకసారి కూర్చోబెడుతుంది.

ఇక్కడ ఒక తికమక ఉంది. పొలాల వంటి వాటిలో తేడాలు ఉండవచ్చు గాని, అందరికంటే అడుగున ఉన్నవారికి వీలైనంత మేలు జరిగేలా ఉండాలని రాల్స్ అంటాడు. ఆ మాట విని అడుగున ఉన్న అంకె మాత్రమే చూస్తే 1956 చట్టమే మేలనిపిస్తుంది. అక్కడ అడుగు మూడు, ఇక్కడ ఒకటిన్నర! కాని రాల్స్ చూడమన్నది ఒక్క రోజు పంపకాన్ని కాదు, ఒక మనిషి నిండు జీవితంలో ఆశించగలిగినదాన్ని. అమ్మ కూడా ఒక ఇంటి కూతురే కదా! ఇరువైపులా మా ఇల్లులాంటి ఇళ్ళే అనుకుంటే, పాత చట్టంలో ఒక స్త్రీకి కూతురుగా మూడు, భర్త పోయాక మూడు, మొత్తం ఆరు. 2005 చట్టంలో కూతురుగా ఏడున్నర, భర్త పోయాక ఒకటిన్నర, మొత్తం తొమ్మిది. అదీగాక కూతురు వాటా వయసులో ఉండగా అక్కరకొచ్చేది. కాబట్టి కొత్త చట్టమే నిలుస్తుంది. నష్టపడింది మధ్య తరం. కూతురుగా పాత చట్టం కింద, విధవరాలిగా కొత్త చట్టం కింద లెక్కకి వచ్చిన మా అమ్మలాంటివాళ్ళు.

పుట్టుకవాటానే తీసేస్తే? కేరళలో 1976 డిసెంబరు నుంచి ఉమ్మడి కుటుంబపు ఆస్తి పద్ధతినే రద్దుచేశారు. ఆ చట్టం ప్రకారం పుట్టుకతో ఎవరికీ ఏమీ లేదు. తండ్రిది తండ్రిదే, ఆయన పోయాక భార్యకీ పిల్లలకీ సమానం. మా లెక్కలో తలా ఆరు. అమ్మకీ ఆరే! అంకెలు చూస్తే ఇంతకంటే చక్కని న్యాయం లేదనిపిస్తుంది. కాని తెర వెనుక కూర్చున్నవాళ్ళకి లోకం సంగతి తెలుసునని చెప్పాను కదా. తండ్రి వీలునామా రాస్తే? తనదైన ఆస్తిని ఆయన ఇష్టమొచ్చినవారికి రాయవచ్చు. 24 ఎకరాలూ కొడుక్కే రాస్తే కూతుళ్ళకి సున్న, భార్యకి సున్న. భరణం అడగవచ్చు గాని పొలం అడగలేరు. అదే 2005 చట్టంలో తండ్రి రాయగలిగేది తన ఆరు ఎకరాలే. కూతురి ఆరు ఆయన చేయి దాటినవి.

కాబట్టి కేరళ దారిలో పంపకం సమానం, కాని భద్రత లేదు. మన దారిలో కూతురికి భద్రత ఉంది, తల్లికి లేదు. నేను ఎవరినో తెలియకుండా ఎంచుకోమంటే, నాకు తోచేది ఒకటి. పుట్టుకవాటా తీసేసి, వీలునామాకి హద్దు పెట్టమంటాను. ఇది కొత్త సంగతేమీ కాదు. ముస్లిముల ధర్మశాస్త్రంలో వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడోవంతుకి మించి వీలునామా రాయడానికి వీల్లేదు. అటువంటి హద్దు ఉంటే 24లో 16 ఎకరాలు ఎలాగూ నలుగురికీ పంచవలసిందే, ఎవరికీ నాలుగుకి తగ్గదు. మీకు ఇంకొకటి తోచవచ్చు. కాని తోచినదాన్ని అమ్మ కుర్చీలోంచి, అన్నయ్య కుర్చీలోంచి కూడా చదివి చూడండి. తెర ఎప్పుడూ ఒక్కటే జవాబు చెప్పదు. ఫలానా జవాబు ఫలానావారికి తప్ప ఎవరికీ గిట్టదని మాత్రం తేల్చి చెబుతుంది.

ఈ తెరకి కన్నాలు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దదాన్ని చూపింది ఒక స్త్రీ. సూసన్ మాలర్ ఓకిన్ అనే పండితురాలు 1989లో రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న వేసింది. తెర వెనుక కూర్చునేవాళ్ళని రాల్స్ కుటుంబ పెద్దలుగా ఊహించాడు. మరి ఇంట్లో ఉన్న మిగతావారి మాటేమిటి? దాచవలసినవాటి జాబితాలో ఆడా మగా అన్నది ఆయన చేర్చనేలేదేం? ఆ సంగతి కూడా తెర వెనుకే ఉంటుందని రాల్స్ ఇతర రచనల్లో స్పష్టం చేశాడు గాని, మొదటి గ్రంథంలో ఆ మాట లేదు. పంపకాలంటే మగవాళ్ళు అరుగుమీద కూర్చుని తేల్చుకోవడం, మనం లోపల కాఫీలు కలపడం చూసినవాళ్ళకి ఓకిన్ ప్రశ్న వెంటనే బోధపడుతుంది.

రెండో కన్నం ఇంకోటి. ఇది నిజంగా జరిగిన ఒడంబడిక కాదు, ఊహ. ఊహలో పెట్టిన సంతకం ఎవరినీ కట్టిపడేయదు. చట్టం తెర వెనుక రాసినా, ఇంట్లో పంపకం తెర లేకుండానే జరుగుతుంది. నాకు వాటా ఉందని తెలిసి కూడా, పుట్టింటి గడప మూసుకుపోతుందేమోనని హక్కు వదులుకుంటున్నట్టు అన్నదమ్ములకి దస్తావేజు రాసిచ్చిన ఆడపడుచులు మీకూ తెలిసే ఉంటారు. పండక్కి పిలుపు కావాలంటే ఎకరాలు వదులుకోవాలన్న బేరం ఏ చట్టంలోనూ లేదు. తెర వెనుక ఎవరూ దాన్ని ఒప్పుకోరు.

1998లో పంపకాలనాడు మా అక్కయ్య ఏమీ అనలేదు. రెండు ఎకరాలకి సంతకం పెట్టి, వెళుతూ వెళుతూ నాతో ఒక్కమాట అంది. "నాన్న నా పెళ్ళి ఇంకో రెండేళ్ళు ఆపి ఉంటే బాగుండేదే." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అక్కయ్య కుర్చీలో కూర్చుని ఆ మాట విని ఉంటే నాకు నవ్వు వచ్చేది కాదు.

ఈమధ్య ఆ 10 ఎకరాల దస్తావేజు మళ్ళీ బయటికి తీశాను. నా పదీ అక్కయ్య రెండూ కలిపితే 12. సగం చేస్తే ఆరేసి. నాలుగు ఎకరాలు అక్కయ్య పేరున రాయడానికి నాకు ఏ చట్టమూ అడ్డురాదు. ఆ మాట మొన్న మావారితో అంటే, "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు?" అన్నారు. చీటీ తీశాక ఎవరైనా అడిగే మాటే అది. నేను మాత్రం దస్తావేజు మళ్ళీ బీరువాలో పెట్టలేదు. బల్లమీదే ఉంచాను.

సెలవు.